ఫ్లాట్లు వచ్చాయి, పైసలు రాలేదు: డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన ఇంటి మీద టాక్స్ ఎప్పుడు, ఎంత?

ఈ రోజు టాపిక్ నేను అనుకుని ఎంచుకున్నది కాదు. పోయిన నెల హన్మకొండ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అన్నా, బాపు మా పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిండు. బిల్డర్ అయిదు ఫ్లాట్లు ఇస్తడు. మాకు తెలిసినాయన ఒకరు ముప్పై లక్షల టాక్స్ పడతదంటున్నడు. మేం ఏం అమ్మలే కదన్నా, ముప్పై లక్షలు ఎక్కడి నుంచి తేవాలె?" అన్నాడు. గొంతులో భయం తెలిసిపోతోంది. వాళ్ల నాన్న రిటైర్డ్ టీచర్, వచ్చేది పెన్షన్. ఆ ఫోన్‌లో మాట్లాడుకున్న లెక్కనే ఈ రోజు మీకు చెప్తాను. ఊరూ పేరూ వద్దు, అంకెలు కూడా లెక్క సులభంగా ఉండేందుకు గుండ్రంగా మార్చాను.

ముందు అసలు విషయం. "మేం ఏం అమ్మలేదు" అన్న మాట దగ్గరే పొరపాటు ఉంది. మీ స్థలంలో బిల్డర్ పది ఫ్లాట్లు కట్టి, అయిదు మీకిచ్చి, అయిదు తను అమ్ముకుంటున్నాడు అనుకోండి. ఆయన అమ్మే అయిదు ఫ్లాట్లతో పాటు మీ భూమిలో సగం వాటా కూడా కొన్నవాళ్లకు వెళ్లిపోతుంది. అంటే ఆ సగం భూమి మీరు ఇచ్చేశారు. దాని బదులు మీకు కట్టిన ఫ్లాట్లు వచ్చాయి. పైసలు చేతులు మారకపోయినా ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. ఆదాయపు పన్ను చట్టం దీన్ని బదిలీగానే చూస్తుంది, అందులో లాభం ఉంటే క్యాపిటల్ గెయిన్ అంటుంది. కాబట్టి టాక్స్ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఏ సంవత్సరంలో, ఏ విలువ మీద అన్నదే ప్రశ్న.

ఈ రెండు ప్రశ్నల మీద మన దగ్గర చాలా గొడవ నడిచింది. ఒకప్పుడు ఏమనేవాళ్లంటే, బిల్డర్‌తో అగ్రిమెంట్ రాసి స్థలం అప్పగించిన రోజే బదిలీ అయిపోయింది, ఆ సంవత్సరమే టాక్స్ కట్టు అని. పొట్ల నాగేశ్వరరావు కేసులో 2014లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అదే చెప్పింది. అగ్రిమెంట్ ఉంది, పొసెషన్ ఇచ్చారు, ఇక బదిలీ పూర్తయినట్టే, ఆ ఏడాదికే లెక్క అంది. ఒక్కసారి ఆ ఓనర్ స్థానంలో ఉండి ఆలోచించండి. ఇల్లు కూలగొట్టారు, అద్దె ఇంట్లో ఉంటున్నారు, అక్కడ ఇంకా పునాది గుంత కూడా తవ్వలేదు. మూడేళ్ల తర్వాత వస్తాయో రావో తెలియని ఫ్లాట్ల మీద ఈ జులైలో టాక్స్ కట్టాలి! బిల్డర్ మధ్యలో పారిపోతే కట్టిన టాక్స్ కోసం మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ బాధ పోవడానికే 2017 బడ్జెట్‌లో సెక్షన్ 45లో (5ఏ) అనే కొత్త సబ్‌సెక్షన్ పెట్టారు. 2017-18 ఆర్థిక సంవత్సరం నుంచి అమలు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ ఈ పద్ధతి అలాగే ఉంది. అందరి నోళ్లలో ఇంకా పాత నంబరే ఉంది కాబట్టి నేనూ అదే వాడతాను.

ఇది చెప్పేది రెండే మాటలు. ఒకటి, టాక్స్ అగ్రిమెంట్ రాసిన ఏడాది కాదు, బిల్డింగ్‌కి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది. రెండు, మీ వాటాకి వచ్చిన ఫ్లాట్ల విలువను ఆ సర్టిఫికెట్ వచ్చిన రోజు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రేటు ప్రకారం కడతారు. దానికి బిల్డర్ ఇచ్చిన డబ్బేమైనా ఉంటే కలుపుతారు. ఆ మొత్తమే మీకు వచ్చిన ధర.

ఇది అందరికీ వర్తించదు. ఓనర్ మామూలు వ్యక్తి అయినా ఉండాలి, లేదా హిందూ ఉమ్మడి కుటుంబం అయినా ఉండాలి. కంపెనీలకు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లకు ఇది లేదు. ఇంకొకటి, అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉండాలి. మన దగ్గర దీన్ని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ అంటారు కదా, అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలి. "తెలిసిన బిల్డరే, నోటరీ చేయించుకుందాం, స్టాంప్ డ్యూటీ ఖర్చు ఎందుకు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నోటరీ కాగితంతో ఈ సెక్షన్ నీడ కిందికి రాలేరు. బిల్డర్‌తో తగాదా వచ్చినా ఆ కాగితం ఎంత వరకు నిలబడుతుందన్నది మళ్లీ వేరే తలనొప్పి.

ఇక సర్టిఫికెట్ సంగతి. చట్టంలో రాసింది కంప్లీషన్ సర్టిఫికెట్ అని. మన తెలంగాణలో మున్సిపాలిటీ చేతికి ఇచ్చేది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అందరూ ఓసీ అంటాం. బిల్డింగ్ ప్లాన్‌కి పర్మిషన్ ఇచ్చే అధికారం ఎవరిదో వాళ్లే ఈ సర్టిఫికెట్ ఇవ్వాలి అని చట్టం అంటుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో అది గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్. అందుకని ఆచరణలో ఓసీ తేదీనే చూస్తారు. బిల్డర్ తాళాలు ఇచ్చిన తేదీ కాదు, గృహప్రవేశం తేదీ కాదు, కరెంటు మీటర్ బిగించిన తేదీ కూడా కాదు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇంకో మెలిక ఉంది. మొత్తం ప్రాజెక్టుకే కాదు, కొంత భాగానికి సర్టిఫికెట్ వచ్చినా టాక్స్ ఏడాది వచ్చేసినట్టే. రెండు బ్లాకులు ఉండి, మీ ఫ్లాట్లు బి బ్లాకులో ఉన్నా, ఏ బ్లాకుకి ఓసీ వచ్చిన రోజే మీ గడియారం మొదలవ్వచ్చు.

సరే, ఇప్పుడు మన అబ్బాయి వాళ్ల లెక్కలోకి వెళ్దాం. నయీంనగర్ వైపు 600 గజాల స్థలం, అందులో తాత కట్టిన పెంకుటిల్లు. తాత పోయాక నాన్న పేరు మీదికి వచ్చింది. ఆ ఇంట్లోనే ఉండేవాళ్లు. 2024 డిసెంబర్‌లో అగ్రిమెంట్ రిజిస్టర్ చేసి, స్థలం అప్పగించారు. పది ఫ్లాట్లు, ఒక్కొక్కటి 1,300 చదరపు అడుగులు, సగం సగం. పైగా గుడ్‌విల్ కింద 10 లక్షలు, తిరిగి ఇవ్వక్కర్లేనిది. ఓసీ 2027లో వస్తుందని అంచనా.

ఓసీ వచ్చిన రోజు ఆ ఏరియాలో ఫ్లాట్లకు ప్రభుత్వ రేటు అడుగుకి 3,000 రూపాయలు ఉంది అనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టిన అంకె, మీ ఏరియా రేటు registration.telangana.gov.in లో చూసుకోవచ్చు. అయిదు ఫ్లాట్లు అంటే 6,500 అడుగులు, 3,000 చొప్పున కోటీ 95 లక్షలు. గుడ్‌విల్ 10 లక్షలు కలిపితే 2 కోట్ల 5 లక్షలు. చట్టం దృష్టిలో వాళ్ల నాన్నకు వచ్చిన ధర ఇది. బయట ఆ ఫ్లాట్ అడుగు 4,500 పలికినా దానితో పని లేదు.

ఇందులోంచి భూమి కొన్న ధర తీసేయాలి. తాత ఎప్పుడో కొన్నారు, వారసత్వంగా వచ్చింది కాబట్టి తాత పెట్టిన ధరే నాన్న ధర. కానీ 2001 ఏప్రిల్ 1 కంటే ముందు కొన్నవాటికి, ఆ రోజున్న విలువను తీసుకునే వెసులుబాటు ఉంది. ఇక్కడే చాలామంది వాల్యుయర్ దగ్గరికి వెళ్లి పెద్ద అంకె రాయించుకు వస్తారు. అది నడవదు. ఆ రోజు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఎంతో దానికి మించి తీసుకోకూడదని 2020లో మార్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రేటుకి అప్లై చేస్తే కాగితం ఇస్తారు. మనం గజం వెయ్యి అనుకుందాం. 600 గజాలకు 6 లక్షలు.

ఇక్కడ ఒక చిన్న ఆగుడు. ఇచ్చింది సగం భూమే కదా, మరి ఖర్చు మొత్తం 6 లక్షలు తీసేయొచ్చా, 3 లక్షలేనా? ఇద్దరు సీఏలను అడిగితే రెండు మాటలు వింటారు. ధర వైపు లెక్కలో మీ ఫ్లాట్ల విలువతో పాటు వాటి కింది భూమి విలువ కూడా కలిసే వచ్చింది కాబట్టి, ఖర్చు వైపు కూడా మొత్తం భూమి రావాలి అన్నది ఒక వాదన. నాకు అదే సబబుగా అనిపిస్తుంది. డిపార్ట్‌మెంట్ సగమే ఇస్తానంటే, ఈ కేసులో తేడా వచ్చేది 3 లక్షల మీద టాక్స్ మాత్రమే. పాత రేటు తక్కువ ఉన్నప్పుడు దీని మీద నిద్ర పాడుచేసుకోవద్దు.

అయితే లాభం 2 కోట్ల 5 లక్షల్లోంచి 6 లక్షలు పోగా కోటీ 99 లక్షలు. 2024 జులై 23 తర్వాత జరిగిన బదిలీ కాబట్టి రేటు 12.5 శాతం. అంతకుముందు కొన్న భూమి కాబట్టి, ఇండెక్సేషన్ వేసుకుని 20 శాతం కట్టే దారి కూడా మిగిలే ఉంది, ఏది తక్కువైతే అది. ఇండెక్సేషన్ అంటే పాత ధరను ద్రవ్యోల్బణంతో పెంచడం. 2024-25 సూచీ 363, అంటే 6 లక్షలు 21 లక్షల 78 వేలు అవుతుంది. అయినా మిగిలిన కోటీ 83 లక్షల మీద 20 శాతం అంటే 36 లక్షలు దాటుతుంది. కాబట్టి 12.5 శాతమే మేలు, 24 లక్షల 87 వేల 500. కోటి దాటింది కాబట్టి 15 శాతం సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్. మొత్తం 29 లక్షల 75 వేల 50 రూపాయలు. "ముప్పై లక్షలు" అని భయపెట్టినాయన లెక్క తప్పేమీ కాదు, సగంలో ఆపేశారంతే.

ఎందుకంటే వాళ్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చింది ఖాళీ జాగా కాదు, ఇల్లు. నివసించే ఇల్లు, దాని చుట్టూ ఉన్న స్థలం బదిలీ చేసి, ఆ లాభాన్ని మళ్లీ ఇంటి మీదే పెడితే సెక్షన్ 54 కింద మినహాయింపు ఉంది. మామూలుగా ఒక ఇంటికే. కానీ లాభం 2 కోట్లు దాటకపోతే జీవితంలో ఒక్కసారి రెండు ఇళ్లకు తీసుకోవచ్చు. వీళ్ల లాభం కోటీ 99 లక్షలు! బదిలీ అయిన మూడేళ్ల లోపు కట్టడం పూర్తవ్వాలి. దాన్ని అగ్రిమెంట్ రోజు నుంచే లెక్కపెట్టుకోవడం సేఫ్. 2024 డిసెంబర్ నుంచి అంటే 2027 డిసెంబర్ వరకు టైం ఉంది.

రెండు ఫ్లాట్లు, ఒక్కొక్కటి 39 లక్షలు, అంటే 78 లక్షలు మినహాయింపు. మిగిలిన లాభం కోటీ 21 లక్షలు. 12.5 శాతం అంటే 15 లక్షల 12 వేల 500. సర్‌చార్జి, సెస్ కలిపి 18 లక్షల 8 వేల 950. దాదాపు 11 లక్షల 66 వేలు తగ్గింది. అబ్బాయి ఫోన్‌లో ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నేను అడిగిన ప్రశ్నకు మళ్లీ నిశ్శబ్దం. "ఆ పెంకుటిల్లు కూలగొట్టే ముందు ఫోటోలు తీశారా? ఇంటి పన్ను రసీదులు ఉన్నాయా?" అన్నాను. ఇల్లు ఇప్పుడు లేదు. రేపు ఆఫీసర్ "అక్కడ ఇల్లు ఉందని నమ్మకం ఏంటి, ఖాళీ జాగానే ఇచ్చారు" అంటే మనం చూపించాల్సింది మున్సిపాలిటీ ఇంటి నంబరుతో ఉన్న పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, అగ్రిమెంట్‌లో "పెంకుటిల్లు సహా 600 గజాలు" అని ఉన్న షెడ్యూల్. వాళ్ల అగ్రిమెంట్‌లో బిల్డర్ మనిషి "ఓపెన్ ప్లాట్" అని టైప్ చేయించేశాడేమో చూడమన్నాను. అదృష్టం బాగుండి ఇంటి నంబరు రాసి ఉంది. రసీదులు అమ్మ ట్రంకుపెట్టెలో దొరికాయట.

నిజంగా ఖాళీ జాగానే అయితే సెక్షన్ 54 లేదు, 54ఎఫ్ చూడాలి. అది ఇలాంటి చోట చాలా ఇరుకైన దారి. 2014 సవరణ తర్వాత అందులో ఒక్క ఇల్లు మాత్రమే అని స్పష్టంగా రాశారు. అంతకుముందు పక్కపక్క ఫ్లాట్లన్నీ కలిపి ఒకే ఇల్లు అని కోర్టులు ఒప్పుకున్న తీర్పులు ఇప్పుడు పనికిరావు. పైగా మూడేళ్లలో ఇంకో ఇల్లు కట్టుకుంటే మినహాయింపు పోతుందని షరతు. ఒకే ప్రాజెక్టులో అయిదు ఫ్లాట్లు తీసుకుని, ఒకదానికి మినహాయింపు అడిగితే "మిగతా నాలుగు ఏంటి?" అని అడిగే వీలు ఉంది. ఖాళీ జాగా ఉన్నవాళ్లు 54ఎఫ్‌ని నమ్ముకుని ఖర్చులు ప్లాన్ చేసుకోవద్దు.

ఇప్పుడు టైమింగ్‌కి వద్దాం, నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తిగా అనిపించేది ఇదే. మీ విలువ అగ్రిమెంట్ రోజు రేటుతో కాదు, ఓసీ రోజు రేటుతో అన్నాను కదా. తెలంగాణలో ప్రభుత్వం ఈ రేట్లు 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మళ్లీ పెంచింది. ఏడు నెలలు తిరగకముందే రెండుసార్లు. ఓసీకి ముందు అలాంటి పెంపు ఒకటి పడి, 3,000 ఉన్న రేటు 3,100 అయింది అనుకోండి. అడుగుకి వంద రూపాయలే. కానీ ఫ్లాట్ల విలువ 2 కోట్లు దాటి, లాభం 2 కోట్ల 5 లక్షల 50 వేలు అవుతుంది. 2 కోట్ల గీత దాటింది కాబట్టి రెండిళ్ల మినహాయింపు పోయి, ఒక్క ఫ్లాట్‌కే దిగుతుంది. మొత్తం టాక్స్ 24 లక్షల 70 వేల దాకా వెళ్తుంది. వంద రూపాయల తేడాకి 6 లక్షల 60 వేలు ఎక్కువ! ఇది మన చేతిలో ఉండదు. కాబట్టి బిల్డింగ్ పూర్తయ్యాక బిల్డర్ ఓసీ అప్లికేషన్ పెట్టకుండా నాన్చుతుంటే ఊరుకోవద్దు అని మాత్రం చెప్తాను.

అలాగే మార్చి, ఏప్రిల్ తేడా. ఓసీ 2027 మార్చి 25న వస్తే ఆ ఏడాది ఆదాయం. జులై 31 లోపు రిటర్న్‌తో పాటు టాక్స్ కట్టేయాలి, చేతిలో నాలుగు నెలలే. అదే ఏప్రిల్ 3న వస్తే తర్వాతి ఏడాది లెక్క, 2028 జులై దాకా టైం. వీళ్ల నాన్నకు అరవై దాటాయి, వ్యాపారం లేదు, కాబట్టి అడ్వాన్స్ టాక్స్ బాధ లేదు. ఓనర్ అరవై లోపు అయితే ఈ వెసులుబాటు ఉండదు. మార్చి 25న ఓసీ వస్తే మార్చి 31 లోపే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి, లేదంటే వడ్డీ నడుస్తుంది.

మరి డబ్బు ఎలా? చేతిలో అయిదు ఫ్లాట్లు ఉన్నాయి, 18 లక్షలు లేవు. ఒక ఫ్లాట్ అమ్మాలి. అందరికీ తట్టే ఆలోచనే. తప్పు జరిగేది ఎప్పుడు అమ్ముతామన్న దగ్గర. ఓసీ రాకముందే, స్లాబులు పడుతుండగానే, "మంచి పార్టీ దొరికింది, చెల్లె పెళ్లి కూడా ఉంది" అని ఒక ఫ్లాట్ అమ్మేస్తారు. ఈ సెక్షన్‌లోనే ఒక షరతు ఉంది. సర్టిఫికెట్ వచ్చిన రోజుకి గానీ, అంతకంటే ముందు గానీ ఓనర్ ప్రాజెక్టులో తన వాటాను బదిలీ చేస్తే, ఓసీ దాకా ఆగే సౌకర్యం పోతుంది. అమ్మిన ఏడాదే టాక్స్. రిజిస్ట్రేషన్ రేటుతో కట్టే సులువు పద్ధతి కూడా పోయి, మామూలు నిబంధనలతో విలువ కట్టాలి.

అయిదులో ఒకటి అమ్మితే మొత్తం అయిదింటికీ ఈ దెబ్బ తగులుతుందా, ఆ ఒక్కదానికేనా? చట్టంలో "తన వాటా" అని ఉందే కానీ, "వాటాలో కొంత" అని విడదీసి రాయలేదు. అమ్మినంత వరకే అని చాలామంది సీఏలు రిటర్న్ వేస్తారు, తర్కం కూడా అదే చెప్తుంది. కానీ నోటీసు వచ్చినప్పుడు వాదించుకోవాల్సిన భారం మీ మీద ఉంటుంది. అందుకే ఆ అబ్బాయికి ఒకటే చెప్పాను, ఓసీ కాగితం చేతికి వచ్చేదాకా మీ అయిదింటిలో ఏదీ రిజిస్టర్ చేయొద్దు అని. పెళ్లి ఖర్చుకి అవసరమైతే ముందే బిల్డర్‌తో గుడ్‌విల్ ఎక్కువ మాట్లాడుకోవడం నయం. అదీ ఓసీ ఏడాదికే లెక్కలోకి వస్తుంది.

ఓసీ వచ్చాక అమ్మితే? మినహాయింపు తీసుకున్న రెండు ఫ్లాట్లను మూడేళ్ల దాకా ముట్టుకోవద్దు, అమ్మితే ఇచ్చిన మినహాయింపు వెనక్కి వస్తుంది. మిగిలిన మూడింటిలో ఒకటి అమ్మండి. దాని మీద ఇప్పటికే 39 లక్షల విలువకు లెక్క చూపించేశారు కాబట్టి, ఆ 39 లక్షలే ఇక మీ కొన్న ధర. 50 లక్షలకు అమ్మితే లాభం 11 లక్షలు మాత్రమే. ఓసీ నుంచి 24 నెలలు దాటకపోతే అది స్వల్పకాలిక లాభం, స్లాబు ప్రకారం టాక్స్. అమ్మేముందు ఇంకోటి చూసుకోండి. బిల్డింగ్ పర్మిషన్ టైంలో కట్టే ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ఓసీతోనే అది విడుదలవుతుంది. ఆ తనఖా పెట్టిన ఫ్లాట్ మీ వాటాలోదా, బిల్డర్ వాటాలోదా అని అగ్రిమెంట్ రోజే అడగాల్సింది.

అసలు ఓసీనే రాకపోతే? ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ వేసి, సెట్‌బ్యాక్ తినేసిన బిల్డింగులు ఎన్ని లేవు మన దగ్గర. ఓసీ లేదు కాబట్టి టాక్స్ కూడా లేదని కొందరు సంతోషంగా కాపురం ఉంటారు. ఉన్నంత కాలం సరే. ఒక ఫ్లాట్ అమ్మిన రోజు ఇందాక చెప్పిన షరతు తలుపు తడుతుంది.

చివరిగా ఒక చిన్న కాగితం పని. గుడ్‌విల్ 10 లక్షల మీద బిల్డర్ 10 శాతం, అంటే లక్ష రూపాయలు టీడీఎస్ కట్ చేసి ఉండాలి. రిఫండబుల్ డిపాజిట్ అయితే అక్కర్లేదు, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బుకే. అది 2024-25 26ఏఎస్‌లో కనిపిస్తుంది, కానీ ఆదాయం చూపించేది ఓసీ ఏడాదిలో. కాబట్టి ఆ ఏడాది రిటర్న్‌లో ఆ లక్షను వాడుకోకుండా, తర్వాతి ఏళ్లకు క్యారీ ఫార్వర్డ్ చేస్తూ రావాలి. వీళ్ల నాన్న ఆ ఏడాది రిటర్నే వేయలేదట, పెన్షన్ మీద టాక్స్ పడదు కదా అని. అబ్బాయి ఇప్పుడు 26ఏఎస్ డౌన్‌లోడ్ చేసి, ఆ లక్ష అసలు ఎక్కిందో లేదో చూసే పనిలో ఉన్నాడు.